హాలు అడుగుతూ రాసిన రెండు ఉత్తరాలు

బీదరులో చిద్రి వైపు ఊరు పెరుగుతున్న రోజుల్లో మేము ఆ కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను కన్నడ బడిలో టీచరును. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఆదివారం చర్చిలో మళ్ళీ తెలుగు. మా వీధిలో చాలామందికి బతుకు అలాగే నడిచేది, ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

ప్లాట్లు కొన్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. లేఅవుట్లో అందరి కోసం వదిలిన జాగాలో, ఇంటికింత అని చందా వేసుకుని కమ్యూనిటీ హాలు కట్టారు. గొప్ప కట్టడమేమీ కాదు. రేకుల కప్పు, ఒక చివర సిమెంటు వేదిక, వెనక వంటకు ఒక షెడ్డు, పక్కన ఖాళీ జాగా. మా డాబా మీద నిలబడితే దాని గేటు, ముందు వరండా కనిపిస్తాయి. వైమానిక దళం వాళ్ళ శిక్షణ విమానాలు తిరిగేటప్పుడు ఆ రేకులు సన్నగా అదిరేవి. అప్పుడు వేదిక మీద ఎవరు మాట్లాడుతున్నా ఆగి, విమానం పోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

మాకు ఒక్కతే కూతురు. అప్పుడు హైదరాబాదులో ఎక్కడ చూసినా అద్దాల మేడలు లేస్తున్నాయి. చదువుకున్న పిల్లలంతా అటే పోతున్నారు. మా అమ్మాయికి కూడా అక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేది. వచ్చిన ప్రతిసారీ ఆ రోడ్డు వెంట కొత్తగా ఏం కట్టారో చెప్పేది. మొన్న లేని వంతెన ఇవాళ ఉందనేది.

ఆమెకు సంబంధం కుదిరింది. అబ్బాయివాళ్ళది చిట్గుప్ప, మా చర్చివాళ్ళే. అతనికీ హైదరాబాదులోనే ఉద్యోగం. ప్రధానం, అదే నిశ్చితార్థం, డిసెంబరులో, క్రిస్మస్ పనులు మొదలుకాకముందే చేద్దామనుకున్నాం. హైదరాబాదులో చేస్తే స్నేహితులందరికీ వీలుగా ఉంటుందని అబ్బాయివాళ్ళు అన్నారు. కానీ అక్కడ హాళ్ళు నెలల ముందే నిండిపోయి ఉన్నాయి, దొరికినవి కూడా పూటల లెక్కన ఇస్తామన్నారు. మా అమ్మాయి మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట.

"మన కాలనీ హాల్లనే చేద్దాం. నాయినమ్మ నడుచుకుంట వస్తది. బండ్లెక్కిచ్చుడు దించుడు ఏం లొల్లి ఉండది."

దసరా సెలవులకు వచ్చినప్పుడు నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. కన్నడంలో రాయవలసింది నేనే, కానీ ఏం రాయాలో చెప్పింది తను. ఆఫీసులో తను చేసే పని అలాంటిదట. ఎవరికి ఏం కావాలో ముందే అడిగి కాగితం మీద పెట్టించడం.

"ఊరికే హాలు ఇయ్యుండ్రి అని రాస్తే సరిపోదమ్మా. మనకేం కావాల్నో, వాళ్ళ షరతులేందో అన్నీ ఒక్కసారే అడగాలె. తర్వాత నువ్వట్లన్నవ్, నేనిట్లన్న అనే మాట రావొద్దు."

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సెక్రటరీ మన మనిషే గద బిడ్డా. నేను పోయి ఒక మాట చెప్పొస్త."

"మన మనిషి గాబట్టే రాసియ్యాలె డాడీ. రేపు ఎవరన్న అడిగితే ఆయన చేతిల కాయితం ఉండాలె గద."

అలా రాశాం. అధ్యక్షులకు, కార్యదర్శికి అని మొదలుపెట్టి, మేము ఏ ప్లాటువాళ్ళమో, సంఘంలో సభ్యులమని, ఫలానా శనివారం మా కూతురి ప్రధానానికి హాలు కావాలని రాశాను. అలంకరణ కోసం తాళం ముందురోజు సాయంత్రమే ఇవ్వగలరా, కుర్చీలు, నీళ్ళు, వంట షెడ్డు హాలుతోపాటే వస్తాయా, కరెంటు మీటరు చూసి కట్టాలా, డిపాజిట్ ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు తిరిగిస్తారు, మైకు ఎంతసేపటి వరకు పెట్టుకోవచ్చు, హైదరాబాదు నుంచి వచ్చే బండ్లు ఎక్కడ నిలపాలి, ఊడ్చి కడిగే బాధ్యత ఎవరిది, అన్నీ అడిగాం. సంఘం నియమాలకు కట్టుబడి ఉంటామనీ, ఏదైనా పాడైతే బాగుచేయించి ఇస్తామనీ చివర రాశాను. మొత్తం చదివించుకుని, "ఎంతమంది వస్తరో రాయలే" అంది. అదీ చేర్చాను. రెండు ప్రతులు చేయించి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోమంది.

కార్యదర్శి మా తెలుగువాడే. బగ్దల్ నుంచి వాళ్ళ నాన్న కాలంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బస్టాండుకు పోయే దారిలో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉండేది. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. ఉత్తరం చదివి నవ్వాడు.

"అక్కా, నువ్వు బడిల పిల్లల్ని అడిగినట్టే అడిగినవ్. ఒక్క ప్రశ్న ఇడిశిపెట్టలే."

"నేను కాదు తమ్మీ, నీ మేనకోడలే అడిగింది."

"ఆదివారం కమిటీ ఉన్నది. నువ్వు గూడ రా. సార్ ఏమన్న అడిగితే నువ్వే చెప్పొచ్చు."

సార్ అంటే అధ్యక్షుడు, రిటైరైన కన్నడ హెడ్‌మాస్టరు. ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళాను. హాల్లోనే ఒక మూల నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్క అంశం చదివి ఒప్పుకుంటూ వచ్చారు. వంట దగ్గర ఆగారు. ఆ షెడ్డులో వినాయక చవితికి ప్రసాదాలు వండుతారని, ఇప్పటివరకు అక్కడ మాంసం వండలేదని, హాల్లో వడ్డించడం కూడా కొందరికి కష్టంగా ఉంటుందని అధ్యక్షుడు కన్నడంలో ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. ఆ సాయంత్రం ఫోనులో చెబితే మా అమ్మాయి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"కోడికూర కోసం ప్రధానం చేసుకుంటలేను గదమ్మా. ఆ రోజు పూరీలు, కూర, బగారన్నం పెడదాం. బిర్యానీ తెల్లారి ఇంట్ల తిందాం."

వారంలో జవాబు వచ్చింది. సంఘం ముద్రతో, తీర్మానం చేసినట్టు రాసి, షరతులన్నీ కింద వరసగా పెట్టారు. తాళం ముందురోజు సాయంత్రం ఇస్తారు. మైకు రాత్రి పదింటికి ఆపాలి. ఊడ్చే పని వాచ్‌మన్ భార్యది, ఆమెకు మేము విడిగా ఇచ్చుకోవాలి. అన్నిటికన్నా చివర, హాలు శుభకార్యాలకు, సంఘం సమావేశాలకు మాత్రమే ఇవ్వబడును అని ఉంది. అది అందరి జవాబులోనూ ఉండే వాక్యమే. నేను దాన్ని చదివాను, దాటిపోయాను.

నవంబరు సగంలో మా అమ్మాయి చనిపోయింది.

ఆ నెల ఆమెకు రాత్రి డ్యూటీలు పడ్డాయి. పని ముగించుకుని తెల్లవారుజామున ఆఫీసు కారులో గదికి వస్తుంటే, మంచులో ఆగి ఉన్న ఒక లారీని కారు వెనక నుంచి గుద్దింది. డ్రైవరు బతికాడు. పక్కన ఉన్న ఇంకో అమ్మాయి బతికింది. మాకు ఫోను చేసింది అబ్బాయే. "ఆంటీ, అంకుల్‌కి ఇయ్యుండ్రి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. ఫోను మా ఆయనకిచ్చి, పొయ్యి మీద పాలు ఉన్నాయి కదా అని వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపాను. ఎందుకు అలా చేశానో తెలియదు.

మధ్యాహ్నం దాటాక తీసుకొచ్చారు. మా వాకిట్లో జనం పట్టలేదు. కార్యదర్శి ఎవరినీ అడగకుండా హాలు తాళం తీయించి, కుర్చీలన్నీ మా వీధిలోకి మోయించాడని తర్వాత ఎవరో చెప్పారు. అధ్యక్షుడు మా గేటు దగ్గర చేతులు కట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాడట. నాకు అవేవీ తెలియవు. సమాధుల తోటలో పాస్టరుగారు చదివిన మాటలు కూడా గుర్తులేవు. అబ్బాయి బూట్లకు అంటిన ఎర్రమట్టి మాత్రం గుర్తుంది.

హాలు బుకింగు ఎవరూ రద్దు చేయలేదు. మాకు ఆ ధ్యాస లేదు. కార్యదర్శికి వచ్చి అడగడానికి నోరు రాలేదు. ఆ శనివారం పొద్దున బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కాను. హాలు ముందు వాచ్‌మన్ భార్య వరండా కడుగుతోంది. నీళ్ళు చల్లి, గేటు ముందు ఊడ్చి, ముగ్గు వేసింది. ఆ రోజు ఫంక్షన్ జరగదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రిజిస్టరులో ఆ రోజు ఫంక్షన్ ఉందని ఎప్పుడో చెప్పి ఉంటారు, అది ఎవరి ఫంక్షనో కూడా తెలిసి ఉండదు. కడిగేసి, కొంగు దులుపుకుని, ఎవరైనా వస్తారేమోనని కాసేపు మెట్ల మీద కూర్చుంది. నేను తడిబట్టలు అలాగే బకెట్లో పెట్టి కిందికి దిగిపోయాను.

తర్వాతి వారం కార్యదర్శి భార్య వచ్చి డిపాజిట్ తిరిగిచ్చి వెళ్ళింది. రద్దయితే కొంత పట్టుకునే నియమం ఉంది, పట్టుకోలేదు. మా ఆయన ఆ కవరు బైబిలు పక్కన పెట్టాడు. చాలా రోజులు అది అక్కడే ఉంది.

ఏడాది ఎలా గడిచిందో రాయలేను. బడికి వెళ్ళాను, పాఠాలు చెప్పాను. హైదరాబాదు బస్సు వచ్చే వేళకు మా ఆయన శుక్రవారాల్లో ఏదో ఒక పని కల్పించుకుని బయటికి పోయేవాడు. ఎక్కడికి అని నేను అడగలేదు.

మాలో ఏడాది నిండినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెడతాం. చుట్టాలు, చర్చివాళ్ళు వస్తారు, ప్రార్థన చేస్తారు, పోయినవాళ్ళ గురించి ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు, తర్వాత భోజనాలు. మామూలుగా చర్చిలోనే పెట్టుకునేవాళ్ళం. కానీ అప్పుడు చర్చి పైకప్పు విప్పి కొత్తగా వేస్తున్నారు. ఆరాధనే స్కూలు గదిలో జరుగుతోంది. ఆమె ఆఫీసు స్నేహితులు బస్సు మాట్లాడుకుని వస్తామన్నారు. అబ్బాయి, వాళ్ళ అమ్మానాన్నలు వస్తామన్నారు. మా ఇంట్లో అంతమంది కూర్చోలేరు.

"హాలుకు రాద్దాం" అన్నాడు మా ఆయన.

"శుభకార్యాలకే ఇస్తరు. రాసి ఉన్నది."

ఆయన సంఘం పాత జవాబు తీసి మరోసారి చదివాడు. తర్వాత, "మా బిడ్డ ఫంక్షన్ అని రాయి. అబద్ధం కాదు గద" అన్నాడు.

మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చున్నాను. ఈసారి చెప్పేవాళ్ళు లేరు. అధ్యక్షులకు, కార్యదర్శికి అని రాశాను. మా ప్లాటు, మా సభ్యత్వం, తేదీ. మా కూతురి కార్యక్రమం కోసం అని రాసి ఆగిపోయాను. ఆ మాట తప్పు కాదు. కానీ ఆమె అయితే అలా రాయనిచ్చేది కాదు, రేపు ఆయన చేతిలో సరైన కాగితం ఉండాలి కదా అనేది. ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకున్నాను. గత నవంబరులో మరణించిన మా కూతురి మొదటి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక కోసం, అని రాశాను. నియమం తెలుసుననీ, చర్చి మరమ్మతులో ఉన్నందువల్ల అడుగుతున్నాననీ, వీలైతే కమిటీ ప్రత్యేకంగా ఆలోచించాలనీ, భోజనం శాకాహారమే పెడతామనీ రాశాను. మైకు, కుర్చీలు, కరెంటు గురించి అడగవలసినవన్నీ మళ్ళీ అడిగాను. రెండు ప్రతులు చేయించాను.

దుకాణంలో కార్యదర్శి నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఉత్తరం చదువుతుంటే అతని పెదవులు కదులుతున్నాయి. చదివాక అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, నా ఒక్కని మాటైతే ఇప్పుడే తాళం చేతికిస్త. కని నేను ఒక్కన్ని ఇచ్చెటట్టు లేదు. కమిటీల పెడత."

"పెట్టు తమ్మీ. అందుకే రాసుకొచ్చిన."

అతను రెండో ప్రతి మీద సంతకం చేసి ఇచ్చాడు.

కమిటీ కూర్చునే ముందే మా వీధిలో సంగతి పాకింది. శనివారం సాయంత్రం మా పక్కింటామె వచ్చింది. వాళ్ళూ తెలుగువాళ్ళే, హిందువులు. ఆమె భర్తకు ట్రాక్టర్ల సామాను దుకాణం. ఇరవై ఏళ్ళుగా మా గోడకు అవతల ఉంది. ఆమె కూతురూ నా కూతురూ ఒకే బడిలో చదివారు, ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్ళు. ఆ అమ్మాయి పెళ్ళి మా కూడిక తర్వాత వారంలో ఉంది. అదే హాల్లో. మాకన్నా నాలుగు నెలల ముందే బుక్ చేసుకున్నారు.

వంటింటి గడప దగ్గర కూర్చుని చాలాసేపు కొంగు చివర మడతలు పెడుతూ ఉంది.

"అక్కా, ఒక మాట చెప్పాల్నని వచ్చిన. నువ్వు ఏమనుకోవద్దు."

"చెప్పు చెల్లె."

"నీ బిడ్డ నాకు బిడ్డే. నువ్వు హాలు అడిగినవని తెల్వంగనే నాకు ఏడుపొచ్చింది. కని అక్కా..." ఆగింది. "ఆడ ఏడ్సుడైతది. వారం కాంగనే నా పిల్లను ఆడనే పీటల మీద కూసోబెట్టాలె. మా అత్త ఒప్పుకుంటలేదు. నేను గూడ అబద్ధం ఎందుకు చెప్పాలె, నాకు గూడ భయమైతాంది."

ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె ముఖంలోకి చూశాను. కూతురి పెళ్ళి పెట్టుకున్న తల్లికి ఉండే అలసట, కంటి కింద నలుపు, చేతికి అప్పుడే పసుపు దంచిన రంగు. ఒక ఏడాది ముందు నేనూ అలాగే ఉన్నాను. అప్పుడు ఎవరైనా వచ్చి ఇదే మాట అడిగితే నేనేమనేదాన్నో నాకు తెలియదు. మా మతంలో అలాంటి పట్టింపులు లేవని చెప్పుకుంటాం. తల్లి భయానికి మతమేముంటుంది.

"నువ్వు చెప్పుడే మంచిగైంది" అన్నాను. "కమిటీల ఏమంటరో చూద్దాం."

ఆమె వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

ఆదివారం కమిటీకి మా ఆయన కూడా వచ్చాడు. అధ్యక్షుడు ఉత్తరాన్ని మొత్తం పైకి చదివాడు. నేను రాసిన కన్నడం ఆయన గొంతులో విన్నప్పుడు, 'మరణించిన మా కూతురి' అన్న చోట ఆయన ఒక్క క్షణం ఆగినప్పుడు, మా ఆయన తల దించుకున్నాడు. కోశాధికారి, నియమం నియమమే కానీ కట్టింది మనుషుల కోసమే కదా అన్నాడు. ఇంకొకాయన, ఇవాళ ఒకరికిస్తే రేపు పదమూడో రోజు భోజనాలకూ అడుగుతారు, అప్పుడు పెళ్ళిళ్ళకు ఎవరూ రారు అన్నాడు. అతను చెడ్డగా అనలేదు. ఉన్న విషయమే చెప్పాడు. నియమం మార్చాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి, దానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, అంత వ్యవధి లేదని కార్యదర్శి వివరించాడు. పక్కింటివాళ్ళ పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. కానీ అందరి మనసులో అదే ఉంది.

మా ఆయన లేచాడు. డిపోలో కూడా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తెలుగులోనే అన్నాడు, కార్యదర్శి కన్నడంలో చెప్పాడు.

"ఈ హాలు మా బిడ్డ పేర మీద ఒకసారి ఇచ్చిండ్రు. ఆ రోజు అది వాడుకోలే. గా రోజే ఇచ్చిండ్రనుకొని ఇయ్యుండ్రి."

పైన ఒక విమానం పోయింది. రేకులు అదిరాయి. అది పోయేవరకు అందరూ ఆగారు, పోయాక కూడా ఎవరూ మొదలుపెట్టలేదు.

చివరికి నేనే లేచాను. హాలు లోపల వద్దు, పక్కనున్న ఖాళీ జాగాలో షామియానా వేసుకుంటాం, కరెంటు, కుర్చీలు, నీళ్ళు మాత్రం ఇప్పించండి అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అధ్యక్షుడు వెంటనే, ఎంతో ఉపశమనంగా, తప్పకుండా అన్నాడు. ఉపశమనంగా అన్నందుకు తనే సిగ్గుపడ్డట్టు మళ్ళీ కిందికి చూశాడు. దానికి అద్దె తీసుకోకూడదని తీర్మానం రాశారు. జవాబు ఉత్తరం ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. హాలు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నామని అందులో ఉంది. సంఘం ఉత్తరాల్లో అలాంటి వాక్యం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వస్తూ మా ఆయన, "నువ్వు జెర ఆగాల్సుండె. ఇచ్చెటోళ్ళు" అన్నాడు.

"ఇచ్చెటోళ్ళే" అన్నాను. "ఆమె పెండ్లంత భయంతోని చేసుకునేది."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ చాలాకాలం అది మా ఇద్దరి మధ్య ఉండిపోయింది. నేను మా బిడ్డ పక్షాన కాక పక్కింటి పిల్ల పక్షాన మాట్లాడానని ఆయన అనుకున్నాడు. అది పూర్తిగా తప్పని నేను చెప్పలేను.

కూడిక నాటికి చలి పడింది. పొద్దున షామియానా గాలికి కొట్టుకుంటుంటే తాళ్ళు మళ్ళీ బిగించారు. హైదరాబాదు నుంచి ఆమె స్నేహితులు వచ్చారు. వాళ్ళల్లో చాలామందికి బీదరు కొత్త. పక్కనే అంత హాలుండగా బయట ఎందుకు పెట్టారో వాళ్ళకు అర్థంకాలేదు. ఒక అమ్మాయి అమాయకంగా అడిగింది. హాల్లో వచ్చేవారం పెళ్ళి ఉందమ్మా అన్నాను. ఓహో, సామాను పెట్టారేమో అనుకుని ఊరుకుంది. ఆ రోజు కారులో మా అమ్మాయి పక్కన కూర్చున్న పిల్ల కూడా వచ్చింది. ఒక కాలు ఈడుస్తూ నడిచింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయి కూర్చోలేక అలాగే వంగి నిలబడింది. ఆమెను పట్టుకుని నేను ఏడ్చాను. ఆ రోజు ఏడ్చింది అప్పుడొక్కసారే.

అబ్బాయి మాట్లాడతానన్నాడు కానీ మైకు ముందుకొచ్చి నాలుగు మాటలకన్నా ఎక్కువ చెప్పలేకపోయాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అధ్యక్షుడు, కార్యదర్శి వెనక వరసలో చివరిదాకా కూర్చున్నారు. పక్కింటామె రాలేదు. వాళ్ళింట్లో పెళ్ళిపనులు మొదలయ్యాయి, రాకూడదు. వాళ్ళాయన వచ్చి ఎండలో నిలబడి, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు.

వారం తిరిగేలోపు ఆమె పెళ్ళిపిలుపుకు వచ్చింది. కార్డు పంపించవచ్చు. తనే వచ్చింది, వెంట అత్తను కూడా తీసుకొచ్చింది. బొట్టు పెట్టి పిలిచే ఆచారం మాతో ఎప్పుడూ పాటించదు, కార్డు చేతికిచ్చి కూర్చుంటుంది. ఆ రోజు కూడా అలాగే ఇచ్చింది.

"నువ్వు రావాలె అక్కా. రాకుంటే పిల్ల మనసు పట్టది."

అత్త నేల చూపులు చూస్తోంది. "రా బిడ్డా" అంది ఆమె కూడా, కొంచెం ఆలస్యంగా.

మా ఆయన రానన్నాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ముందురోజు నుంచే బంతిపూల తోరణాలు కట్టారు, మెట్ల మీద తివాచీ పరిచారు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపలికి వెళ్ళాను. వేదిక మీద పిల్ల కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఆగింది. పక్కనున్నవాళ్ళు ఏదో అడిగితే అటు తిరిగింది. నేను గోడవైపు కుర్చీలో కూర్చున్నాను. ఎవరు నన్ను చూస్తున్నారో, ఎవరు చూడనట్టు నటిస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంది.

తలంబ్రాలయ్యాక భోజనాలు మొదలయ్యాయి. వడ్డించేవాళ్ళు సరిపోక ఒకటే గందరగోళం. పక్కింటామె పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ నా దగ్గర ఆగింది. చేతిలో బూందీ గిన్నె ఉంది.

"అక్కా, ఊకె కూసున్నవేంది. ఈ వరస నువ్వు చూసుకో."

గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళత్త వంట షెడ్డు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి తిరిగింది. నేను లేచి వడ్డించాను. కొందరు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. వద్దనో, చాలనో తెలియదు. ఎక్కువమంది పెట్టించుకున్నారు. అధ్యక్షుడు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. వరస చివరిదాకా వెళ్ళి, గిన్నె ఖాళీ అయితే మళ్ళీ నింపుకొచ్చి, ఇంకో వరస కూడా వడ్డించాను. మా అమ్మాయి ప్రధానానికి నేను ఇలాగే తిరిగి ఉండేదాన్నన్న ఆలోచన వస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించలేదు. కళ్ళు మసకేస్తే గిన్నెలోకి చూసేదాన్ని.

తర్వాతి ఏడాది సర్వసభ్య సమావేశంలో కార్యదర్శే ఆ నియమం సవరించాలని ప్రతిపాదించాడు. జ్ఞాపకార్థ కూడికలకు కూడా, పెళ్ళిళ్ళ తేదీలు చూసుకుని, హాలు ఇవ్వవచ్చని తీర్మానం అయింది. నేనూ చెయ్యెత్తాను. మేము మళ్ళీ అడగలేదు. చర్చి కప్పు అప్పటికి పూర్తయింది.

పెళ్ళి రోజు నేను ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విప్పుతుంటే అడిగాడు.

"లోపల ఎట్లుండె?"

"మంచిగుండె" అన్నాను. "పెద్దగ ఉన్నది. మనోళ్ళందరు పడుతుండె."

ఆయన తలూపాడు. తిన్నారా అని అడిగాను. తినలేదన్నాడు. చీర మార్చుకోకుండానే వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టాను.